స్టవ్ పైన తలుపులకు, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు పట్టిన జిడ్డు: రుద్దకండి, నానబెట్టండి

*నమస్తే అండీ. మేము విజయవాడలో అద్దె ఇంట్లో ఉంటాం. స్టవ్ పైనున్న కప్‌బోర్డ్ తలుపులు ముట్టుకుంటే వేళ్లు అంటుకుపోతున్నాయి, పచ్చగా జిగురు పట్టేసింది. వంట సోడాలో వెనిగర్ కలిపి రుద్దాను. పొంగింది తప్ప జిడ్డు పోలేదు. ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో గట్టిగా రుద్దితే ఒకచోట మెరుపు పోయింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కల మీద నల్లగా ముద్దలు కట్టింది, కింద చుక్కలు కారుతున్నాయి, తిరగడం కూడా నెమ్మదైంది. పక్కింటి ఆంటీ కాస్టిక్ సోడా వేయమంటున్నారు. తలుపులు సన్‌మైకావే అని ఓనరుగారు చెప్పారు. సంక్రాంతికి అత్తగారు వాళ్లు వస్తున్నారు, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?*

*— ఒక పాఠకురాలు, విజయవాడ*

ముందుగా ఆ ఆకుపచ్చ స్క్రబ్బర్‌ని గిన్నెల దగ్గర పెట్టేయండి, తలుపుల దగ్గరికి మళ్లీ తేవద్దు. కాస్టిక్ సోడా అసలు కొనకండి. మెరుపు పోయిన చోట మళ్లీ మెరుపు తెప్పించడం ఇంట్లో అయ్యే పని కాదు. సన్‌మైకా అంటే రంగు కాగితం మీద గట్టి పూత. ఆ పూత మీద గీతలు పడ్డాక ఏ పాలిష్ రాసినా నాలుగు రోజులే. ఆ ఒక్క మచ్చ సంగతి వదిలేయండి, మిగతా తలుపులు మాత్రం బాగా శుభ్రమవుతాయి.

మీకు జిడ్డు పోకపోవడానికి కారణం మీరు సరిగ్గా రుద్దకపోవడం కాదు. అది ఇప్పుడు నూనెగా లేదు, అదీ సంగతి. పోపు వేసినప్పుడు, అప్పడాలు వేయించినప్పుడు కంటికి కనపడనంత సన్నటి నూనె తుంపర ఆవిరితో పాటు పైకి లేచి, చల్లగా ఉన్న తలుపు మీద వాలుతుంది. అంత పల్చటి పొరలో ఉన్న నూనెకు గాలి బాగా తగులుతుంది. సన్‌ఫ్లవర్ లాంటి నూనెలు గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, వాటి అణువులు ఒకదానికొకటి గొలుసుల్లా అల్లుకుపోతాయి. మొదట జారుడుగా ఉన్నది జిగురవుతుంది, తర్వాత గట్టి పెచ్చవుతుంది. స్టవ్ వేడి ఆ పనిని ఇంకా తొందరగా చేయిస్తుంది. మీ మూకుడు బయట అంచు చూడండి, ఎంత తోమినా పోని తేనెరంగు మరకలు ఉంటాయి. తలుపు మీద ఉన్నదీ అదే. నెయ్యి, కొబ్బరినూనె ఇంత తొందరగా ఇలా గట్టిపడవు. జిగురు దశలో ఉన్నప్పుడు వాలిన దుమ్ము అందులోనే ఇరుక్కుపోతుంది కాబట్టి పసుపు, బూడిద రంగులు కలిసినట్టు కనిపిస్తుంది.

అందుకే పని మొదలుపెట్టే ముందు గోటితో ఒకసారి గీకి చూడండి. గోటికి నూనెలా పాకితే అది కొత్త జిడ్డు, గిన్నెలు తోమే లిక్విడ్, వేడినీళ్లు చాలు. గోటి కింద చిన్న చిన్న ఉండల్లా చుట్టుకుంటే సగం గట్టిపడింది. మీ తలుపుల మీద ఎక్కువగా ఉన్నది ఇదే అయ్యుంటుంది. గోరు జారిపోయి గాజుపూసలా గట్టిగా ఉంటే పూర్తిగా పెచ్చు కట్టింది. తలుపు కింది అంచున, హ్యాండిల్ చుట్టూ ఇలాంటి చుక్కలు కనిపిస్తాయి. ఒకే తలుపు మీద మూడూ ఉండొచ్చు, ఒక్కోదానికి ఒక్కో మందు.

వంట సోడా, వెనిగర్ కలిపే వీడియోలు చాలామందిని తప్పుదారి పట్టిస్తున్నాయి. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది. నూనె జిడ్డును విరిచేది క్షారం. వంట సోడాకు ఆ గుణం కొంచెమే ఉంది. అందులో ఆమ్లమైన వెనిగర్ పోస్తే ఉన్న ఆ కాస్తా చచ్చిపోతుంది. పొంగిన బుడగలు వట్టి కార్బన్ డయాక్సైడ్, పొంగు చల్లారాక గిన్నెలో మిగిలేది ఉప్పునీళ్ల లాంటిదే. దానితో జిడ్డు ఎలా పోతుంది?

మీకు కావలసింది వాషింగ్ సోడా. బట్టల సోడా అని కిరాణా కొట్లో అడిగినా ఇస్తారు, ఖరీదు కూడా తక్కువే. తినే సోడా కాదు అని చెప్పి మరీ తీసుకోండి, రెండూ తెల్లటి పొడులే కాబట్టి ఇంట్లో కలిసిపోకుండా డబ్బా మీద పేరు రాసిపెట్టండి. ఇది వంట సోడా కంటే చాలా ఎక్కువ క్షారం. వేడి, సమయం రెండూ తోడైతే జిడ్డులో కొంత భాగాన్ని సబ్బుగా మారుస్తుంది. సబ్బుగా మారినది నీళ్లలో కలిసి వచ్చేస్తుంది. ఇందులో బలంతో పనే లేదు.

లీటరు నీళ్లు తీసుకోండి. చేయి పెడితే వేడిగా ఉండి, ఓర్చుకోగలిగేంత ఉండాలి. అందులో ఒక టేబుల్ స్పూన్ వాషింగ్ సోడా పూర్తిగా కరిగేదాకా కలిపి, చివర్లో ఒక టీస్పూన్ గిన్నెల లిక్విడ్ వేయండి. రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. తలపైన ఎత్తులో పని చేస్తారు కాబట్టి కళ్లలో చుక్క పడకుండా కళ్లజోడు కూడా పెట్టుకోండి. కళ్లలో పడితే వెంటనే కుళాయి కింద చాలాసేపు కడుక్కుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గ్యాస్ రెగ్యులేటర్ ఆపేసి, స్టవ్ మీద ఏదైనా పాత గుడ్డ పరచండి.

అద్దె ఇల్లు కదా, మొదట తలుపు లోపలివైపు పైమూలలో, ఎవరికీ కనపడని చోట, ఈ నీళ్లలో ముంచి పిండిన తెల్ల గుడ్డను ఐదు నిమిషాలు ఆనించి చూడండి. తీసి తుడిచాక గుడ్డకు పసుపు, గోధుమ రంగు అంటితే అది జిడ్డే, భయం లేదు. తలుపు రంగే గుడ్డకు వస్తే, లేదా ఆ చోటు మసకగా, తెల్లగా మారితే అక్కడితో ఆపేయండి. అది సన్‌మైకా కాదు, పెయింటో పాలిషో అయ్యుంటుంది. దాని సంగతి కింద చెప్తాను.

పరీక్షలో బాగానే ఉంటే అసలు పని మొదలుపెట్టండి. నిలువుగా ఉన్న తలుపు మీద నీళ్లు నిలవవు, స్ప్రే చేసినా జారిపోతాయి, ఇక నానేది ఎప్పుడు? అందుకని పాత కాటన్ బనియన్ ముక్కనో, కిచెన్ టవల్ కాగితాన్నో ఈ నీళ్లలో ముంచి, కారకుండా పిండి, తలుపు మీద అట్టలా అంటించండి. జిగురు ఉన్నందుకు అది ఇట్టే అతుక్కుంటుంది కూడా. ఆరిపోకుండా దానిపైన పాలిథిన్ కవరు కోసి కప్పండి. పది నిమిషాలు వదిలేయండి. ఒకేసారి అన్ని తలుపులకూ కాకుండా ఒక్కో తలుపు చొప్పున చేయండి, లేదంటే మొదటిది ఆరిపోయి తెల్ల చారలు కడుతుంది.

పది నిమిషాలయ్యాక ఆ గుడ్డతోనే, వత్తకుండా, కింది నుంచి పైకి తుడవండి. గుడ్డకు తడి బెల్లం పాకంలా గోధుమ రంగు పదార్థం వస్తుంది. అది వస్తోందంటే సోడా పని చేసినట్టే. గుడ్డను మడిచి శుభ్రమైన వైపు వాడండి, లేదంటే వచ్చిన జిడ్డునే మళ్లీ తలుపుకు పూసినట్టవుతుంది. తర్వాత మంచినీళ్లలో పిండిన గుడ్డతో రెండుసార్లు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. వేలితో రాసి చూడండి. సబ్బులా జారుడుగా ఉంటే సోడా ఇంకా మిగిలి ఉంది, మళ్లీ నీళ్లతో తుడవాలి. ఆరాక తెల్లటి పొర కనిపించినా అదే కారణం. ఇక్కడ కావాలంటే మీ దగ్గరున్న వెనిగర్ పనికొస్తుంది. మగ్గు నీళ్లలో ఒక చెంచా వేసి చివరిసారి తుడిస్తే మిగిలిన సోడా పోతుంది. జిడ్డు తీసేటప్పుడు మాత్రం దాన్ని దూరంగా ఉంచండి.

ఆరాక కూడా వేళ్లు అంటుకుంటుంటే సోడా పాళ్లు పెంచకండి, ఇంకోసారి అదే గుడ్డ అట్ట వేయండి. పాత జిడ్డు పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి రెండోసారికి మామూలుగా వచ్చేస్తుంది.

అంచుల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. సన్‌మైకా పైన నీళ్లు ఏమీ చేయవు గానీ, తలుపు నాలుగు పక్కలా అతికించిన పట్టీ సందులోంచి నీళ్లు లోపలికి పోతే ప్లైవుడ్ ఉబ్బుతుంది, పట్టీ ఊడొస్తుంది. చెక్కపొడిని నొక్కి చేసిన ఎమ్‌డీఎఫ్, పార్టికల్ బోర్డ్ అయితే ఒకసారి ఉబ్బాక మళ్లీ లోపలికి పోదు. అందుకే అంచుల్లో గుడ్డ అట్ట వేయవద్దు. బాగా పిండిన గుడ్డ చుట్టిన వేలితోనే తుడవండి. హ్యాండిల్ చుట్టూ, గాడుల్లో పాత టూత్‌బ్రష్ మెత్తగా ఆడించండి. హ్యాండిల్ స్క్రూలు లోపలివైపు నుంచే ఉంటాయి. వాటిని విప్పి, హ్యాండిల్‌ను విడిగా గిన్నెల లిక్విడ్ కలిపిన వేడినీళ్లలో పడేస్తే తలుపు మీద పని సగం తగ్గుతుంది.

ఇక గాజుపూసల్లాంటి చుక్కలున్నాయే, అవి సోడాకు అంత సులభంగా లొంగవు. వాటి మీద వంటనూనె ఒక్క బొట్టు రాసి పావుగంట ఆగండి. జిడ్డు మీద నూనెనా అనిపించవచ్చు గానీ, కొత్త నూనె పాత నూనెలోకి ఇంకి దాన్ని మెత్తబరుస్తుంది. తర్వాత గడువు తీరిన ఏటీఎం కార్డు అంచుతో, పడుకోబెట్టినట్టు పట్టుకుని తోయండి. చాకు, బ్లేడు వాడొద్దు. చుక్క ఊడొచ్చాక మిగిలిన నూనెను లిక్విడ్ నీళ్లతో కడిగేయాలి, లేదంటే రేపటికి అదే కొత్త జిగురవుతుంది. పూర్తిగా రాయిలా మారినవి కొన్ని ఇలా చేసినా కదలవు. వాటి కోసం తలుపును గీసుకోవద్దు.

మీ పరీక్షలో రంగు వచ్చిందనుకోండి, లేదా ఇది చదువుతున్న మరొకరి ఇంట్లో తలుపులు వేరే రకమనుకోండి. మెంబ్రేన్ తలుపులంటే ఎమ్‌డీఎఫ్ మీద ప్లాస్టిక్ రేకును వేడితో అతికించినవి. వాటికి వేడినీళ్లు ఎక్కువైతే రేకు అంచులు లేస్తాయి. గోరువెచ్చటి నీళ్లు, గిన్నెల లిక్విడ్, జిగురు చోట ముందు చెప్పిన నూనె బొట్టు, అంతే. అక్రిలిక్ తలుపుల మీద థిన్నర్, స్పిరిట్, శానిటైజర్ లాంటివేవీ వాడకూడదు. వాటివల్ల వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. టేకు, వెనీర్, పాలిష్ చేసిన చెక్కకు సోడా అసలు పడదు, చెక్క నల్లబడుతుంది, పాలిష్ పోతుంది. మెలమైన్ స్పాంజ్ అని తెల్లగా దొరికేది మెత్తగానే ఉంటుంది గానీ నిజానికి అది సన్నటి గరుకుకాగితమే, మెరిసే తలుపు ఏదైనా మసకబారుతుంది. ఒక్కోసారి ఎంత తుడిచినా గుడ్డకు పసుపు అంటదు, తలుపు మాత్రం జిగటగానే ఉంటుంది. అలాంటప్పుడు జిగురు జిడ్డుది కాదు, పై పూతే మెత్తబడిపోయింది. దాన్ని ఏ లిక్విడూ బాగుచేయదు.

ఫ్యాన్ విషయానికి వద్దాం. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ తీసేయండి. నేరుగా గోడలోకి వైరింగ్ ఉంటే ఆ ఎమ్‌సీబీ దించండి. ఒకరు స్టూల్ పట్టుకోవాలి, ఒంటరిగా ఎక్కవద్దు. ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం ఒకటి చేతిలో పెట్టుకోండి. రెక్కకు అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా వెండిలా, తేలికగా ఉంటే అల్యూమినియం. మూడోది ప్లాస్టిక్, అది చూస్తేనే తెలుస్తుంది. ఈ తేడా ఎందుకంటే అల్యూమినియాన్ని వాషింగ్ సోడా తినేస్తుంది. రెక్క నల్లబడి, గుంటలు పడుతుంది. మీ పక్కింటి ఆంటీ చెప్పిన కాస్టిక్ సోడా అయితే ఇంకా ఘోరం. అల్యూమినియంతో కలిస్తే బుసబుసమంటూ హైడ్రోజన్ వాయువు వస్తుంది, ఇనుప రెక్క మీది పెయింట్‌ను ఊడదీస్తుంది, చర్మం మీద పడితే కాలుస్తుంది. పండక్కి ముందు ఇంట్లో అది ఉండకూడదు. కిరోసిన్, పెట్రోల్, థిన్నర్‌లకూ ఇదే మాట, వంటగదిలో వాటి ఆవిరి నిలిచిందంటే చిన్న నిప్పురవ్వ చాలు.

ఇనుప ఫ్యాన్లలో రెక్క మధ్యనున్న బొడిపెకు పక్కగా చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని వదులు చేస్తే రెక్క ముందుకు జారి వస్తుంది. తీసేముందు ఇరుసు మీద రెక్క ఎక్కడిదాకా ఉందో మార్కర్‌తో గీత గీయండి. ప్లాస్టిక్ ఫ్యాన్లలో మధ్యన మూతలాంటి నట్ ఉంటుంది. చాలావాటిలో అది మామూలుకు ఎదురు దిశలో విప్పాలి, దాని మీద బాణం గుర్తు ఉందేమో చూడండి. రాకపోతే సుత్తితో కొట్టవద్దు. రెక్క ఒక్కటి కొంచెం వంగినా ఫ్యాన్ జీవితాంతం గడగడలాడుతుంది. అలాంటప్పుడు అక్కడే ఉంచి, పిండిన గుడ్డతో రెక్క రెక్కా తుడవడమే మేలు.

ఊడొచ్చిన రెక్కను నీళ్లలో వేసే ముందు పేపరు పరిచి, ఏటీఎం కార్డుతో ఆ నల్లటి ముద్దలను పొడిగానే గీకేయండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. అంత జిడ్డు నేరుగా వేడినీళ్లలో కరిగితే సింక్ పైపులో చల్లారి మళ్లీ గడ్డకడుతుంది. పేపరుతో సహా చుట్టి చెత్తబుట్టలో వేయండి. తర్వాత ఇనుప రెక్క అయితే పెద్ద టబ్‌లో రెండు లీటర్ల బాగా వేడి నీళ్లకు నాలుగు టేబుల్ స్పూన్ల వాషింగ్ సోడా, కాస్త గిన్నెల లిక్విడ్ వేసి అరగంట నానబెట్టండి. పదిహేను నిమిషాలకు ఒకసారి తిప్పి చూడండి, పెయింట్ పొరలు లేస్తుంటే వెంటనే తీసేయాలి. ప్లాస్టిక్ రెక్కకు తలుపులకు కలిపిన పాళ్లే, చేయి పట్టే వేడే. మరిగే నీళ్లలో అది వంకర పోతుంది. అల్యూమినియానికి వేడినీళ్లు, గిన్నెల లిక్విడ్ మాత్రమే, కాకపోతే గంటసేపు ఉంచండి. కడిగాక ఇనుప రెక్కను అప్పటికప్పుడు తుడిచి ఎండలో పెట్టండి, నీళ్లతో వదిలేస్తే తుప్పు పడుతుంది.

మోటార్ మీద మాత్రం నీళ్లు, స్ప్రే ఏవీ చల్లవద్దు. బాగా పిండిన గుడ్డతో బయట తుడిచి, గాలి రంధ్రాల్లో పొడి బ్రష్ ఆడించండి. కిందికి కారే చుక్కలు చాలాసార్లు మోటార్ నుంచి కాదు, ఫ్రేమ్ అడుగున పేరుకున్న జిడ్డు నుంచే వస్తాయి. ఆ అడుగు గాడిని గుడ్డతో పూర్తిగా ఖాళీ చేయండి. బయటివైపు గాలికి తెరుచుకునే పలకలు ఉంటే వాటినీ చూడండి. జిడ్డుకు అవి ఒకదానికొకటి అతుక్కుపోతే ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి బయటికి పోదు.

రెక్క తిరిగి బిగించే ముందు, కరెంటు ఆపే ఉంచి, ఇరుసును వేలితో తిప్పండి. తేలిగ్గా తిరిగి మెల్లగా ఆగితే బాగుంది. బరువుగా, గీరినట్టు ఉంటే లోపల బుష్ దగ్గర జిడ్డు గట్టిపడింది. కుట్టుమిషన్ నూనె ఒకటి రెండు చుక్కలు ఇరుసు మొదట్లో వేసి కాసేపు చేత్తో తిప్పండి. వంటనూనె అక్కడ వేయకండి, అది మళ్లీ జిగురవుతుంది. ఇరుసు తేలిగ్గా ఉన్నా, ఆన్ చేస్తే హుమ్మని శబ్దం చేస్తూ చేత్తో తోస్తే గానీ తిరగకపోతే కెపాసిటర్ బలహీనపడి ఉండొచ్చు. అది ఎలక్ట్రీషియన్ పని, శుభ్రం చేస్తే పోయేది కాదు.

అన్నీ బిగించాక ఫ్యాన్ వేసి, పక్కనున్న కిటికీ మూసి, హాలు వైపు తలుపు తెరవండి. ఫ్యాన్ పక్కనే కిటికీ తెరిచి ఉంటే అది ఆ కిటికీ గాలినే లాగి బయటికి పంపుతుంది, స్టవ్ మీది ఆవిరి మాత్రం తలుపుల మీదికే పోతుంది. ఇక ముందు పోపు వేసేటప్పుడూ ఇలాగే చేయండి. నూనె పెట్టే ముందే ఫ్యాన్ వేసి, స్టవ్ ఆపాక మరో పది నిమిషాలు తిరగనివ్వండి. ఇప్పుడు సగం న్యూస్‌పేపర్ కాగితాన్ని ఫ్యాన్ లోపలివైపు జాలీ దగ్గర వదలండి. దానంతట అదే జాలీకి అతుక్కుని నిలిస్తే ఫ్యాన్ సరిగ్గా లాగుతోంది. జారి కిందపడితే బయటి పలకలు మళ్లీ చూడండి, అవి తెరుచుకునే ఉంటే రెక్కను తిరగేసి బిగించారేమో చూడండి.